పి విలువ చిన్నదైతే మందు పనిచేసినట్టేనా?

ప్రశ్న: ట్రయల్‌లో పి విలువ 0.001 కంటే తక్కువ వచ్చిందంటే ఆ మందు వల్ల రోగికి బాగా మేలు జరిగినట్టేనా?

అలా చెప్పలేం. అసలు తేడాయే లేకపోతే ఇలాంటి ఫలితం రావడం చాలా అరుదని మాత్రమే పి విలువ చెబుతుంది. ఆ తేడా రోగికి తెలిసేంత పెద్దదా అన్నది దానికి పట్టదు. వేలమందిని చేర్చుకుంటే చిన్న తేడాకైనా పి విలువ పడిపోతుంది.

2008లో వెలువడిన అప్‌లిఫ్ట్ ట్రయల్‌నే చూడండి. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్న దాదాపు 6,000 మందికి నాలుగేళ్లపాటు టయోట్రోపియమ్ అనే మందు లేదా మందులాగే కనిపించే ఉత్తుత్తి ప్లాసిబో ఇచ్చారు. ఊపిరితిత్తుల జబ్బు రోజువారీ బతుకును ఎంత ఇబ్బంది పెడుతోందో వంద పాయింట్ల మీద కొలిచే సెయింట్ జార్జ్ ప్రశ్నావళిలో రెండు గుంపుల మధ్య సగటు తేడా 2.7 పాయింట్లు, p<0.001. కానీ ఈ కొలతలో రోగికి మార్పు తెలియాలంటే కనీసం 4 పాయింట్లు కావాలంటారు. దీన్నే కనీస ముఖ్య తేడా అంటారు. 2.7 అక్కడిదాకా రాలేదు.

అలాగని మందు దండగ అనేయడం కూడా తొందరపాటే. సగటు వెనక కొందరికి బాగా మేలు జరిగి, కొందరికి ఏమీ జరగకపోయి ఉండొచ్చు. అందుకే 4 పాయింట్లో అంతకన్నా ఎక్కువో మెరుగుపడినవారిని విడిగా లెక్కపెట్టాలి. నాలుగేళ్లకు మందు వాడినవారిలో వాళ్లు 45%, ప్లాసిబో వైపు 36%. అంటే సుమారు 11 మందికి మందు ఇస్తే అదనంగా ఒకరు ఆ హద్దు దాటారు. ఆ 4 కూడా ఉజ్జాయింపు లెక్కే, 3.9 వస్తే కొట్టిపారేయడానికి లేదు.