పోతన పద్యంలో ‘నాగేంద్రము’ అంటే పామా?

ప్రశ్న: “గజేంద్రమోక్షంలో ‘విహ్వల నాగేంద్రము’ అని ఉంది. మడుగులో ఉన్నవి ఏనుగు, మొసలి కదా, మధ్యలో పాము ఎక్కడి నుంచి వచ్చింది? మా అబ్బాయి అడిగితే చెప్పలేకపోయాను.”

ఏనుగేనండీ. సంస్కృతంలో నాగ అనే మాటకు పాము అని ఎంత బలంగా అర్థం ఉందో ఏనుగు అని కూడా అంతే ఉంది, అమరకోశంలో ఏనుగు పేర్లు చెప్పే శ్లోకంలో గజ, కుంజర, వారణ వీటన్నిటి మధ్యా నాగ కూడా ఉంటుంది. తెలుగులో మనకు నాగుపాము, నాగులచవితి వల్ల పాము ఒక్కటే మిగిలిపోయింది. దిక్కుల్ని మోసే ఏనుగుల్ని దిఙ్నాగాలు అంటారే, అందులో ఉన్న నాగం ఇదే.

మీవాడు ఊరుకోడు, మరి గజేంద్రము అనే రాయొచ్చు కదా అంటాడు. నేనూ అదే అడిగాను మా మాస్టారిని. పద్యం ఒకసారి చూడండి:

అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా
పల మందారవనాంతరామృత సరః ప్రాంతేందు కాంతోపలో
త్పల పర్యంక రమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వల నాగేంద్రము పాహిపాహి యనఁ గుయ్యాలించి సంరంభియై

ఇది మత్తేభం. పాదం మొదట్లో రెండు లఘువులు, మూడోది గురువు ఉండి తీరాలి. చివరి పాదంలో హ్వ, ల రెండూ లఘువులు, తర్వాత ‘నా’ గురువు, సరిపోయింది. అక్కడ గజేంద్రము పెడితే మూడో అక్షరం ‘గ’ అవుతుంది, అది లఘువు, గణం చెడిపోతుంది. గురువుతో మొదలయ్యే ఏనుగు పేరు కావాలి, నాగము దొరికింది. ఇక అనుమానం ఉంటే దీని తర్వాత వచ్చే ‘సిరికిం జెప్పడు’ పద్యం చివర చూడండి, ‘గజప్రాణావనోత్సాహియై’ అని ఉంటుంది, అంటే ఏనుగు ప్రాణాన్ని కాపాడాలన్న ఉత్సాహంతో అని. పిలిచింది ఎవరో అక్కడ తేలిపోతుంది.

నిజానికి నాగేంద్రము వల్ల పెద్ద ప్రమాదం లేదు, పాము అనుకుంటే కథ కుదరదు కాబట్టి మీవాడికే అనుమానం వచ్చింది. అసలు టెన్షన్ పెట్టేవి, మనకు తెలిసిన అర్థం పెట్టినా వాక్యం బాగానే నడిచిపోయే మాటలు. ఈ పద్యంలోనే అలాంటివి ఉన్నాయి, వాటిలో రెండింటి దగ్గర నేను చాలా ఏళ్లు తప్పుగా ఉన్నాను.

మొదటిది ‘మూల’. చిన్నప్పుడు బట్టీ పట్టినప్పుడు ‘నా మూల సౌధంబు’ అంటే ఎవరో దేవుడు ‘నా మూల ఉన్న మేడ’ అంటున్నాడనుకున్నాను. కొంచెం పెద్దయ్యాక ఆ ‘నా’ నాది అని కాదు, నగరిలోన్ + ఆ కలిసి అలా అయిందని తెలిసింది, అప్పుడు ‘ఆ మూలనున్న మేడ’ అని సర్దుకున్నాను. ఊరి చివర ఒక మూల ప్రశాంతంగా ఉండే ఇల్లు, ఎంత బాగుందో అనిపించేది కూడా. అది తప్పని డిగ్రీలో తెలిసింది. గది మూల, వీధి మూల అనే మూల తెలుగు మాట. ఇక్కడున్నది సంస్కృతం మూల, అంటే వేరు, మొదలు, ముఖ్యమైనది. గుడిలో మూలవిరాట్టు అంటాం, మూలన పెట్టిన విగ్రహమనా? గర్భగుడిలోని ప్రధాన విగ్రహమని. మూలధనం, మూలపురుషుడు అన్నీ అంతే. అలాగే మూలసౌధం అంటే ప్రధానమైన మేడ. పుస్తకంలో మూలకీ సౌధానికీ మధ్య ఖాళీ కనిపిస్తే దాన్ని నమ్మకండి, తాటాకుల మీద మాటల మధ్య ఖాళీలు వదిలేవాళ్లు కాదు, ఇవి అచ్చువేసినవాళ్లు పెట్టినవి.

మూల అంటే ప్రధానమనే ఎందుకు తీసుకోవాలంటే, పద్యం నడక చూడాలి. పోతన బయటి నుంచి ఒక్కో అడుగు లోపలికి తీసుకెళ్తున్నాడు. ముందు పురం, అంటే ఊరు. ఊరిలో నగరి. ఊరు ముందే చెప్పేశాడు కాబట్టి నగరి అంటే మళ్లీ ఊరు కాదు, రాజు ఉండే భవనాల సముదాయం, రాచనగరు అంటామే అది. అందులో ప్రధానమైన మేడ, దాని పక్కన మందారాల తోట, తోట లోపల అమృత సరస్సు, సరస్సు ‘ప్రాంతం’లో, అంటే ఒడ్డున (ఇక్కడ ప్రాంతం అంటే ఏరియా కాదు, అంచు), చంద్రకాంత శిల మీద కలువపూల పాన్పు. రాజనగరులో ముందు కనిపించాల్సింది ప్రధాన సౌధం. ఏదో మూలనున్న మేడను ఆనవాలుగా చెప్తే ఈ వరస దెబ్బతింటుంది.

రెండోది ‘సంరంభియై’. డీఎస్సీకి చదివే రోజుల్లో ఒక మాదిరి పరీక్షలో దీనికి ఈ పద్యంలో అర్థమేమిటని అడిగారు, నేను ఏమాత్రం ఆలోచించకుండా ‘ఉత్సాహంగా’ పెట్టాను, పెళ్లి సంరంభం, ఎన్నికల సంరంభం అని రోజూ చదువుతాం కదా. తప్పు. సంస్కృతంలో సంరంభమంటే వేగిరపాటు, కోపం కూడా. ఇక్కడ ఏనుగు మొర విని తొందరపడ్డాడు. దీనికి సాక్ష్యం మళ్లీ తర్వాతి పద్యమే: లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయడు, చెదిరిన జుట్టు సర్దుకోడు. ఇవన్నీ తొందరలో ఉన్న మనిషి చేసే పనులు. పైగా ఉత్సాహం అన్న మాట అక్కడ విడిగా వచ్చింది, ‘గజప్రాణావనోత్సాహియై’ అని. మాట దగ్గరే కూర్చుంటే నాకు ఇది ఎప్పటికీ దొరికేది కాదు. అప్పటి నుంచి ఏ పద్యంలో అనుమానం వచ్చినా ముందూ వెనకా ఒక్కో పద్యం చదివాకే శబ్దరత్నాకరమో సూర్యరాయాంధ్ర నిఘంటువో తెరుస్తాను, నిఘంటువు ఉన్న అర్థాలన్నీ వరసగా ఇస్తుంది గానీ ఇక్కడ ఏదో చెప్పదు.

ఒక్క మాట దగ్గర మాత్రం సందర్భం కూడా సాయం చేయదు, ‘దాపల’. పక్కన, దగ్గర అని చాలామంది చెప్తారు. మా తాతయ్య వ్యవసాయం చేసేవాడు, కాడికి ఎడమ వైపు కట్టే ఎద్దును దాపటెద్దు అనీ, కుడి వైపుదాన్ని వలపటెద్దు అనీ అనేవాడు. ఈ పద్యం చదివి వినిపిస్తే ఆయనకు మిగతాదేమీ అర్థం కాలేదు గానీ దాపల వినగానే “మేడకు ఎడమ పక్కన తోట అన్నమాట” అన్నాడు. తోట మేడ పక్కనుందన్నా, ఎడమ వైపు ఉందన్నా పద్యానికి ఏ ఇబ్బందీ లేదు. నేను తాతయ్య అర్థమే చెప్పుకుంటాను, మీవాడికి రెండూ చెప్పండి.