ఎంఎస్ రిజెక్ట్ అయ్యాక: నేను అప్పీల్ చేశాను, తర్వాత మళ్లీ అప్లై చేశాను

ప్రశ్న: అమెరికాలో ఎంఎస్‌కి ఆరు చోట్ల అప్లై చేస్తే, నాకు బాగా నచ్చిన యూనివర్సిటీయే రిజెక్ట్ చేసింది. అప్పీల్ చేస్తే ఏమైనా లాభముంటుందా? లేక వచ్చే ఏడాది మళ్లీ అప్లై చేయాలా?

నేను రెండూ చేశాను. అప్పీల్‌తో సీటు రాలేదు. మరుసటి ఏడాది అదే డిపార్ట్‌మెంట్‌లో వచ్చింది, అదీ పాత జీఆర్ఈ స్కోరుతోనే (అది ఐదేళ్లు చెల్లుతుంది).

ముందు మీ పోర్టల్‌లో చెక్‌లిస్ట్ చూడండి. రిజెక్ట్ మెయిల్ వచ్చాక నేను చూస్తే, జీఆర్ఈ ఎదురుగా Not Received అని ఉంది. స్కోరు పంపాను. కానీ ఈటీఎస్ ఖాతాలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, అప్లికేషన్‌లో మాత్రం టెన్త్ మెమోలో ఉన్నట్టు ఒక్క అక్షరమే రాశాను. రెండూ ఒకరివేనని వాళ్ల సిస్టమ్ గుర్తించలేదు. మన ఇనిషియల్స్‌తో వచ్చే తంటా ఇది. అప్పీల్ పనికొచ్చేది ఇలాంటి పొరపాటు దొరికినప్పుడే. 'మీ యూనివర్సిటీ నా కల' అని రెండు పేజీలు రాస్తే ఎవరూ చదవరు. పాస్‌పోర్ట్ కాపీ, స్కోర్ రిపోర్ట్ జతచేసి డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్‌కి ఐదు లైన్లు రాశాను. ఫైలు మళ్లీ చూశారు, మళ్లీ కాదన్నారు.

అప్పుడు ఒక్కటే అడిగాను: నా ఫైల్లో ఏం తక్కువైంది? చాలాచోట్ల కారణం చెప్పరు, నా అదృష్టం కొద్దీ చెప్పారు. నేను చదివింది ఈసీఈ, అడిగింది కంప్యూటర్ సైన్స్. అల్గారిదమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ నా మార్కుల మెమోలో లేవు. జవాబు రాకపోయినా ఇది మీరే కనుక్కోవచ్చు. డిపార్ట్‌మెంట్ సైట్లో ప్రీరిక్విజిట్స్ పేజీ తెరిచి, పక్కన మీ మెమో పెట్టుకుని ఒక్కో సబ్జెక్టూ సరిచూడండి.

ఆ ఏడాది ఉద్యోగం చేస్తూ ఎన్‌పీటీఈఎల్‌లో ఆ రెండు కోర్సులూ చదివి, సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాశాను. అది కాలేజీ క్రెడిట్‌తో సమానం కాదు, కొన్ని డిపార్ట్‌మెంట్లు లెక్కలోకే తీసుకోవు. అందుకే ముందే మెయిల్ పెట్టి అడిగాను. ఇంకో మార్పు రికమెండేషన్ లెటర్. మొదటిసారి మా హెచ్‌ఓడీ ఇచ్చింది క్లాసులో సగం మందికి ఇచ్చిన లెటరే, పేరు మాత్రమే మారింది. రెండోసారి మా టీమ్ లీడ్‌ని అడిగాను. టెస్ట్ లాగ్స్‌ను వర్గీకరించడానికి నేను రాసిన ప్రోగ్రామ్ గురించి, అందులో మొదట నేను చేసిన తప్పుతో సహా రాశాడు. ఎస్‌ఓపీలో చిన్నప్పటి కంప్యూటర్ పిచ్చి తీసేసి, ఈ కోర్సుల లోటూ దాన్ని పూడ్చిన తీరూ మొదటి పేరాలోనే చెప్పాను.

ఫీజు మళ్లీ కట్టాలి. 'ఇంతకుముందు అప్లై చేశారా' అని అడిగితే అవునని పెట్టండి, పాత రికార్డు వాళ్ల దగ్గర ఉంటుంది.

చెక్‌లిస్ట్ సరిగా ఉండి, సబ్జెక్టులూ సరిపోయి, తక్కువైంది సీజీపీఏ ఒక్కటే అయితే, డిగ్రీ అయిపోయాక అది మారదు. ఆ ఫీజు వేరే యూనివర్సిటీకి కట్టండి.