పాడైన పీసులు ఇరవైయే ఉన్నప్పుడు

ప్రశ్న: విజయవాడ దగ్గర మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కాగిల్‌లో దొరికే పంపు ఇంపెల్లర్ కాస్టింగ్ ఫొటోలతో డిఫెక్టులు కనిపెట్టే ప్రాజెక్టు చేశాను, 99 శాతం యాక్యురసీ వచ్చింది. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో “మా దగ్గర పాడైన పీసుల ఫొటోలు ఇరవైయే ఉన్నాయి, ఏం చేస్తావు?” అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఈ రంగంలో మెకానికల్ వాళ్లకు చోటుందా, లేక కోడింగ్ కోచింగ్‌లో చేరిపోవాలా?

జవాబు: చోటుంది. కోచింగ్ కంటే ముందు ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు వెతకండి. ఈ ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేది ఆ ప్రశ్నే.

ముందు మీరు వాడిన ఫొటోల సంగతి చూద్దాం. ఆ సేకరణలో 7348 ఫొటోలున్నాయి. డిఫెక్ట్ ఉన్నవి 4211, మంచివి 3137. అంటే సగానికి పైగా పాడైనవే. నడుస్తున్న ఏ ఫౌండ్రీలోనూ పరిస్థితి అలా ఉండదు. పైగా ఆ ఫొటోలన్నీ ఆగ్మెంటేషన్ చేసినవి, అంటే ఉన్న ఫొటోలనే తిప్పి, మార్చి సంఖ్య పెంచినవి. ఆగ్మెంటేషన్ లేని ఫోల్డరు అందులోనే విడిగా ఉంది, దానిలో ఉన్నవి 1300 మాత్రమే. ఒకే ఇంపెల్లర్‌ను కాస్త తిప్పిన ఫొటోలు ట్రైనింగ్‌లోనూ టెస్టులోనూ పడితే, మోడల్ పట్టుకున్నది డిఫెక్ట్‌నా, ముందే చూసిన పీసునా అన్నది తేలదు. అందుకే ఫొటోలను విడదీసేటప్పుడు పీసుల వారీగా, వీలైతే బ్యాచ్‌ల వారీగా విడదీయాలి. ఒకే పగులును పది కోణాల్లో తీసినా లెక్కలో అది ఒక్క డిఫెక్టే.

ఇక ఆ 99 శాతం. నెలకు 20,000 ఇంపెల్లర్లు పోసే ఫౌండ్రీని ఊహించుకోండి. అందులో నూరు పాడైనవి అనుకుందాం. ఏమీ చూడకుండా ప్రతి పీసూ మంచిదే అనే మోడల్‌కు 99.5 శాతం యాక్యురసీ వస్తుంది! ఇప్పుడు నిజంగా పనిచేసే మోడల్ ఒకటి తీసుకుందాం. పాడైన వాటిలో 95 శాతం పట్టుకుంటుంది, మంచివాటిలో 2 శాతాన్ని మాత్రమే పొరపాటుగా తోసేస్తుంది. వినడానికి బాగుంది కదా. లెక్క వేస్తే రిజెక్ట్ బిన్‌లోకి 95 పాడైనవి, వాటితోపాటు 398 మంచి పీసులు వచ్చిపడతాయి. బిన్‌లో ఉన్న ప్రతి ఐదింటిలో నాలుగు మంచివే. వాటిని మళ్లీ చేత్తో చూడాల్సిన ఆపరేటరు రెండో వారానికే కెమెరా మాట నమ్మడం మానేస్తాడు. అందుకే ఈ రంగంలో యాక్యురసీ అనే ఒక్క అంకె మీద ఎవరూ ఆధారపడరు. ఎన్ని చెడ్డవి తప్పించుకుపోయాయి, ఎన్ని మంచివి అనవసరంగా రిజెక్ట్ అయ్యాయి అన్న రెండు అంకెలను విడివిడిగా అడుగుతారు.

మోడల్ దగ్గరికి వెళ్లేముందు కెమెరా, లైటు. మెకానికల్ విద్యార్థిగా మీకు పట్టు దొరికేది ఇక్కడే. ఇంపెల్లర్ వ్యాసం 150 మిల్లీమీటర్లు, వదలకూడని అతి చిన్న పిన్‌హోల్ అర మిల్లీమీటరు అనుకోండి. మీరు వాడిన ఫొటోలు 300 పిక్సెళ్ల వెడల్పువి. అంటే ఒక్కో పిక్సెల్‌కు అర మిల్లీమీటరు. ఆ రంధ్రం మొత్తం ఒక్క పిక్సెల్‌లో మునిగిపోతుంది, ఏ మోడలూ దాన్ని నమ్మకంగా పట్టలేదు. డిఫెక్ట్ అడ్డంగా కనీసం మూడు పిక్సెళ్లలో పడాలన్నది ఇక్కడ వాడే మోటు లెక్క. దాని ప్రకారం 900 పిక్సెళ్లు కావాలి, కాబట్టి 1440 × 1080 కెమెరా సరిపోతుంది.

తర్వాత వేగం. కన్వేయర్ సెకనుకు 200 మిల్లీమీటర్లు కదులుతుంటే, సెకనులో అరవయ్యో వంతు ఎక్స్‌పోజర్‌లో పీసు మూడు మిల్లీమీటర్లకు పైగా జరిగిపోతుంది. ఫొటోలో అది ఇరవై పిక్సెళ్ల మసక. మసకను ఒక్క పిక్సెల్‌కు పరిమితం చేయాలంటే ఎక్స్‌పోజర్ దాదాపు 0.8 మిల్లీసెకనుకు మించకూడదు. అంత తక్కువ సమయంలో సరిపడా వెలుతురు కావాలి కాబట్టే స్ట్రోబ్ లైటు పెడతారు.

లైటు ఏ కోణంలో పడుతుందన్నది వీటన్నిటికంటే ముఖ్యం. పైనుంచి సూటిగా పడితే మెషినింగ్ చేసిన ముఖం మెరిసిపోయి గీతలు కనబడవు. రింగ్ లైటును దాదాపు పీసు ఎత్తుకు దించి పక్కనుంచి కొడితే, చదునైన భాగం నల్లగా ఉండిపోయి గీత అంచు మాత్రం తెల్లగా వెలుగుతుంది. దీన్ని డార్క్ ఫీల్డ్ అంటారు. టేబుల్ ల్యాంపు, గీత పడిన స్టీలు వాషరు, ఫోను ఉంటే ఈ రాత్రే ఇంట్లో చూసుకోవచ్చు. ల్యాంపును మెల్లగా కిందికి దించుతూ పోండి, ఒక కోణం దగ్గర గీత ఒక్కసారిగా బయటపడుతుంది. సరైన కోణంలో తీసిన ఫొటో చేతిలో ఉంటే మోడల్ పని సగం తగ్గుతుంది. ఫొటోలోనే లేని డిఫెక్ట్‌ను ఎన్ని లేయర్లు పెట్టినా బయటికి తీయలేం.

ఇప్పుడు ఆ ఇరవై ఫొటోలు. చాలామంది విద్యార్థులు వాటిని తిప్పి, అద్దంలో చూపి, వెలుతురు మార్చి రెండు వేలు చేస్తామంటారు. దానితో కొంత ఉపయోగం ఉంది. కానీ ఇరవైలో పిన్‌హోళ్లు, అంచు విరుగుళ్లు మాత్రమే ఉంటే ఎన్ని వేలు చేసినా అందులో పగులు పుట్టదు. రేపు లైనులో రాబోయే డిఫెక్ట్ ఎలా ఉంటుందో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకని పనిని తిరగేస్తారు. డిఫెక్ట్‌ను నేర్పకుండా మంచి పీసు ఎలా ఉంటుందో నేర్పుతారు. బియ్యం ఏరే చెయ్యి ప్రతి రకం రాయినీ గుర్తుపెట్టుకోదు, గింజ ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి గింజ కానిది వేలికి తగులుతుంది.

ఈ దారిలో మీరు మొదట నేర్చుకోదగ్గది ప్యాచ్‌కోర్ అనే పద్ధతి. ఇమేజ్‌నెట్ అనే పెద్ద సేకరణలోని మామూలు ఫొటోలతో ముందే తయారైన నెట్‌వర్క్‌ను తీసుకుని, కొత్తగా ట్రైన్ చేయకుండానే, మంచి పీసుల ఫొటోలను దాని గుండా పంపుతారు. నెట్‌వర్క్ మధ్య లేయర్లలో ఫొటోలోని ప్రతి చిన్న ముక్కకూ ఒక అంకెల వరుస వస్తుంది. ఆ వరుసలన్నిటినీ ఒక జ్ఞాపకంలా దాచుకుని, ఒకేలా ఉన్నవాటిని వదిలేసి కొద్ది శాతమే ఉంచుకుంటారు. కొత్త పీసు వచ్చినప్పుడు దాని ప్రతి ముక్కకూ జ్ఞాపకంలో అతి దగ్గరి పోలిక ఎంత దూరంలో ఉందో కొలుస్తారు. ఆ దూరాల్లో అతి పెద్దదే పీసు స్కోరుకు ఆధారం. దూరం ఎక్కడ పెరిగిందో ఫొటో మీద రంగుల్లో చూపొచ్చు, కాబట్టి ఆపరేటరుకు “ఇదిగో, ఇక్కడ” అని చూపించగలం. రెండు మూడు వందల మంచి ఫొటోలతో మొదలుపెట్టవచ్చు. `anomalib` అనే ఉచిత లైబ్రరీలో ఇది సిద్ధంగా ఉంది.

పద్ధతులను పోల్చడానికి 2019లో వచ్చిన ఎంవీటెక్ ఏడీ సేకరణను వాడతారు. పదిహేను రకాల వస్తువులు, ఉపరితలాలు ఉన్న ఆ సేకరణలో ట్రైనింగ్ ఫొటోలన్నీ మంచివే, డిఫెక్టులు టెస్టులోనే కనిపిస్తాయి. మీ తర్వాతి ప్రాక్టీసు దాని మీద చేయండి.

ఈ పద్ధతికి అసాధారణంగా కనిపించేది మాత్రమే తెలుసు, అది తప్పో కాదో తెలియదు. నూనె మరక, ఇసుక మార్చడంతో రంగు కొంచెం మారిన కొత్త బ్యాచ్, వదులైన లైటు బ్రాకెట్ కూడా దానికి డిఫెక్టులే. ఉదయం షిఫ్టు ఫొటోలతోనే జ్ఞాపకం తయారుచేస్తే రాత్రి షిఫ్టులో రిజెక్టులు పెరుగుతాయి. అందుకే మంచి ఫొటోలను వేర్వేరు రోజుల నుంచీ బ్యాచ్‌ల నుంచీ సేకరించాలి, స్కోరు ఎక్కడ దాటితే రిజెక్ట్ అన్న గీతను విడిగా పక్కన పెట్టిన మంచి పీసుల మీద చూసి గీయాలి. మంచి పీసుల సగటు స్కోరు వారం వారం మెల్లగా పైకి పాకుతుంటే మోడల్‌ను ముట్టుకోకుండా ముందు లెన్సు తుడవండి, లైటు చూడండి. ఇక ఆరు రెక్కలు ఉండాల్సిన చోట ఐదే ఉన్నాయనే రకం లోపం ఈ పద్ధతికి తప్పిపోవచ్చు, ఎందుకంటే ప్రతి ముక్కా విడిగా మామూలుగానే కనిపిస్తుంది. దానికి రెక్కలు లెక్కపెట్టే పాత పద్ధతి ప్రోగ్రామే నయం.

అయితే ఆ ఇరవై ఎందుకు? పరీక్షకు. వాటిని ట్రైనింగ్‌కు ఖర్చు చేయకుండా టెస్టుకు దాచుకోవాలి. అయినా ఇరవై తక్కువే. ముప్పై డిఫెక్టులు చూపిస్తే ముప్పైనీ పట్టుకున్న మోడల్ విషయంలో కూడా, 95 శాతం ధీమాతో చెప్పగలిగింది ఒక్కటే: అది వదిలేసేవి పది శాతానికి మించవు. మూడును పరీక్షించిన డిఫెక్టుల సంఖ్యతో భాగిస్తే ఈ హద్దు వస్తుంది. వదిలేసేవి ఒక్క శాతం లోపేనని చెప్పాలంటే మూడు వందల డిఫెక్టులు చూపించి, ఒక్కటీ తప్పకుండా పట్టుకోవాలి. ఇంటర్వ్యూలో ఈ లెక్క చెప్పగలిగితే అవతలివాళ్లకు మీరు లైను గురించి ఆలోచిస్తున్నారని అర్థమవుతుంది.

మరి మూడు వందలు ఎక్కడివి? స్క్రాప్ కుప్పలోవి. రిజెక్ట్ అయిన కాస్టింగ్‌లను కరిగించకముందే అదే కెమెరా, అదే లైటు కింద ఫొటో తీయాలి. కొన్ని స్క్రాప్ పీసుల మీద కావాలనే ఆకురాయితో గీతలు పెట్టొచ్చు, అంచు విరగ్గొట్టొచ్చు. అవి రిజెక్ట్ స్కోరు హద్దు ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి పనికొస్తాయి గానీ, వాటి ఫలితాన్ని అసలు డిఫెక్టుల ఫలితంతో కలపకూడదు, విడిగా రాయాలి. అన్నిటికంటే ముందు ఇద్దరు క్యూసీ ఇన్‌స్పెక్టర్లకు అవే యాభై పీసులు విడివిడిగా ఇచ్చి చూడండి. కొన్ని పీసుల దగ్గర వాళ్లిద్దరికీ పడదు. ఎంత పిన్‌హోల్ వరకు ఒప్పుకోవచ్చో లిమిట్ శాంపిల్ పెట్టి తేల్చకపోతే, మోడల్‌కు ఇచ్చే లేబుళ్లే తప్పవుతాయి.

మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఇదే కావచ్చు. ఆటోనగర్‌లో కాస్టింగ్ లేదా మెషినింగ్ పని చేసే షెడ్డుకు వెళ్లి, ఒకే రకం పీసు తీసుకుని, మంచివి మూడు వందలు, స్క్రాప్ నుంచి దొరికినన్ని ఫొటో తీయడానికి అనుమతి అడగండి. డబ్బు అడగకుండా చివర్లో ఫలితాలు చూపిస్తానంటే ఒప్పుకునే యజమానులు దొరుకుతారు.

కోచింగ్ విషయానికొస్తే, పైథాన్, ఓపెన్‌సీవీ అవసరమే, అవి సొంతంగా నేర్చుకోవచ్చు. ఈ ఉద్యోగాలు ఎక్కువగా ఫ్యాక్టరీలకు కెమెరా సిస్టమ్‌లు బిగించే సంస్థల్లో విజన్ ఇంజనీరు, అప్లికేషన్ ఇంజనీరు పేర్లతో ఉంటాయి. పెద్ద ప్లాంట్లలోని క్వాలిటీ విభాగాల్లోనూ కొన్ని ఉంటాయి. చెన్నై, హోసూరు, పుణె వైపు వాహన విడిభాగాలు, శ్రీసిటీలో ఎలక్ట్రానిక్స్, హైదరాబాద్ చుట్టూ మందుల కంపెనీలు. మొదటి సంవత్సరాల్లో ప్రయాణాలు, లైను ఆగిన రాత్రుళ్లు పని తప్పవు. ఆఫీసులో కూర్చునే ఉద్యోగమే కావాలనుకుంటే ఇది మీకు నచ్చదు. లైను దగ్గర నిలబడటం ఇష్టమైతే, ఫిక్స్చర్ గీయగలిగి డ్రాయింగులో టాలరెన్సు చదవగలిగే మీకు, కోడ్ మాత్రమే తెలిసినవాళ్ల కంటే ముందే పని అందుతుంది.

రెజ్యూమేలో ఆ 99 శాతం తీసేయండి. దాని స్థానంలో ఎన్ని అసలు డిఫెక్టుల మీద పరీక్షించారు, ఎన్ని తప్పించుకున్నాయి, నూరు మంచి పీసుల్లో ఎన్ని రిజెక్ట్ అయ్యాయి, పిక్సెల్‌కు ఎన్ని మిల్లీమీటర్లు అన్నవి రాయండి.