ఆన్ ద జాబా, ఆఫ్ ద జాబా: రెండు ఆప్షన్ల మధ్య ఆగిపోయేవారికి

ప్రశ్న: సార్, నేను ఎంబీఏ హెచ్‌ఆర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆన్ ద జాబ్, ఆఫ్ ద జాబ్ శిక్షణ పద్ధతుల జాబితా మొత్తం నోటికి వచ్చు. కానీ చిన్న కథ ఇచ్చి "ఈ ఉద్యోగులకు ఏ పద్ధతి సరిపోతుంది" అని అడిగితే రెండు ఆప్షన్ల మధ్య ఆగిపోతున్నాను. పరీక్షంటే టెన్షన్‌గా ఉంది. ఎలా చదవాలి?

జవాబు: పుస్తకాలు ఈ పద్ధతులను శిక్షణ ఎక్కడ జరుగుతుందో చూసి రెండు గుంపులుగా విడగొడతాయి. ప్రశ్న రాసేవాళ్లు మాత్రం ఉద్యోగికి ఏం తక్కువైందో చెప్పి, అక్కడి నుంచి పద్ధతిని పట్టుకోమంటారు. మీరు ఆగిపోతున్నది ఈ తేడా దగ్గరే. కాబట్టి ఆప్షన్లు చదవకముందే కథలో మూడు సంగతులు వెతకండి. ఉద్యోగిలో లోటు పనితనంలోనా, ప్రవర్తనలోనా, రేపటి పెద్ద పదవికి కావాల్సిన అనుభవంలోనా? నేర్చుకునేటప్పుడు తప్పు జరిగితే నష్టం ఎంత? ఒకేసారి ఎంతమంది నేర్చుకోవాలి?

ఒకే కథ తీసుకుని కొద్దికొద్దిగా మారుస్తూ చూద్దాం. ఒక బ్యాంకు 40 మంది క్యాషియర్లను కొత్తగా తీసుకుంది. అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ మీద పనిచేయాలి. కౌంటర్ల దగ్గర రద్దీ ఎప్పుడూ తగ్గదు. రెండు వారాల్లో అందరూ సిద్ధం కావాలి. ఆప్షన్లు: కోచింగ్, వెస్టిబ్యూల్ శిక్షణ, జాబ్ రొటేషన్, సెన్సిటివిటీ శిక్షణ.

చాలామంది కోచింగ్ పెట్టేస్తారు, కొత్తవాళ్లు కదా, పక్కన ఒకరు ఉండి నేర్పాలి అని. కానీ కోచింగ్‌లో పై అధికారి ఒక్కొక్కరితో విడివిడిగా కూర్చోవాలి. రద్దీ కౌంటర్లో 40 మందికి అది కుదిరే పని కాదు. పైగా డబ్బు వ్యవహారం. ఇక్కడ వెస్టిబ్యూలే సరైన జవాబు. అసలు పనిచోటుకు వేరుగా ఒక గదిలో అవే కంప్యూటర్లు, అదే సాఫ్ట్‌వేర్, అవే ఫారాలు పెట్టి నేర్పుతారు. నేర్చుకునే మనిషి ఒక సున్నా ఎక్కువ కొట్టినా ఏ ఖాతాదారు నిల్వా మారదు.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. పరికరాలు అసలువే కాబట్టి వెస్టిబ్యూల్ కూడా ఆన్ ద జాబే అనుకుంటారు. పరికరాలను బట్టి తేల్చకండి. శిక్షణ సమయంలో చేసిన పని సంస్థ అసలు ఉత్పత్తిలోనో సేవలోనో కలుస్తోందా అని అడగండి. కలిస్తే ఆన్ ద జాబ్, కలవకపోతే ఆఫ్ ద జాబ్.

ఇప్పుడు 40 మంది బదులు ఇద్దరే చేరారనుకోండి. కౌంటర్ ఖాళీగా ఉండే వేళలున్నాయి, నేర్పగల సీనియర్ పక్కనే ఉన్నాడు. ఇద్దరి కోసం వేరే గది, పరికరాలు, శిక్షకుడు అంటే ఖర్చు దండగ. జవాబు జాబ్ ఇన్‌స్ట్రక్షన్ శిక్షణకు మారుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో, ఫ్యాక్టరీలకు కొత్తగా వచ్చినవాళ్లకు సూపర్‌వైజర్లే త్వరగా పని నేర్పడానికి ఇది బాగా వాడుకలోకి వచ్చింది. ముందు మనిషిని సిద్ధం చేయాలి, తర్వాత పని చేసి చూపించాలి, అతని చేత చేయించాలి, ఆపైన వదిలిపెట్టి మధ్యమధ్యలో వచ్చి చూడాలి. పరీక్షలో చాలామంది ఈ నాలుగో మెట్టు మర్చిపోతారు. ఇంకో జాగ్రత్త: "సీనియర్లకే పాత అడ్డదారులు అలవాటయ్యాయి" అన్న వాక్యం కథలో కనిపిస్తే ఈ ఆప్షన్ కొట్టేయండి. నేర్పేవాడి తప్పులు నేర్చుకునేవాడికి అంటుకుంటాయి.

మూడోసారి మారుద్దాం. క్యాషియర్ పని బాగానే చేస్తున్నాడు, రెండేళ్లలో అతన్ని మేనేజర్‌ను చేయాలని బ్యాంకు ఆలోచన. ఆప్షన్లలో జాబ్ రొటేషన్, అండర్‌స్టడీ రెండూ ఉన్నాయి. మీరు ఆగిపోయేది సరిగ్గా ఇలాంటి చోటే అనుకుంటాను. రెండూ ఆన్ ద జాబే కాబట్టి గుంపులు పనికిరావు. "రుణాలు, డిపాజిట్లు, ఖాతాల విభాగాలన్నీ అతనికి తెలియాలి" అని ఉంటే రొటేషన్. "ఫలానా మేనేజర్ రిటైరవుతున్నాడు, ఆ కుర్చీకి మనిషి కావాలి" అని ఉంటే, ఆ మేనేజర్ పక్కనే ఉండి అతని పని నేర్చుకునే అండర్‌స్టడీ. రొటేషన్‌లో వెడల్పు వస్తుంది కానీ లోతు రాదు. ఎలాగూ వెళ్లిపోయే మనిషే కదా అని విభాగాధిపతి పెద్ద పని అప్పజెప్పడు. అండర్‌స్టడీలో వారసుడు ఎవరో ముందే తెలిసిపోయి మిగతావాళ్ల ఉత్సాహం చల్లారుతుంది. "మిగతా ఉద్యోగులు నిరాశపడ్డారు, కారణమేమిటి" అని అడిగితే అది ఈ పద్ధతి గురించేనని పట్టేయవచ్చు.

నాలుగోసారి: పని వచ్చు, కానీ కోపంగా వచ్చే ఖాతాదారులతో దురుసుగా మాట్లాడుతున్నాడు. లెక్చర్ పెడితే ఎలా మాట్లాడాలో తెలుస్తుంది, నోటికి అలవాటు కాదు. ఇక మిగిలేవి రోల్ ప్లే, సెన్సిటివిటీ శిక్షణ. ఫలానా సందర్భంలో ఎలా మాట్లాడాలో సాధన కావాలంటే రోల్ ప్లే. తన తీరు ఎదుటివాళ్లకు ఎలా తగులుతోందో అతనికే తెలియడం లేదంటే సెన్సిటివిటీ. అందులో చిన్న గుంపుగా కూర్చుని ఒకరి ప్రవర్తన గురించి ఒకరు నేరుగా చెప్పుకుంటారు. మన కథలో కౌంటర్ దగ్గరి సంభాషణే సమస్య కాబట్టి నేనైతే రోల్ ప్లే పెడతాను.

వెస్టిబ్యూల్ దగ్గరికి ఒకసారి వెనక్కి వెళ్దాం, ఎందుకంటే పెద్ద ప్రశ్నల్లో దాని లోపమూ అడుగుతారు. శిక్షణ గదిలో చకచకా చేసినవాళ్లు అసలు కౌంటర్లో కొన్నాళ్లు తడబడతారు. గదిలో సాఫ్ట్‌వేర్ అదే, కానీ క్యూ లేదు, తొందరపెట్టే మనుషులు లేరు. నేర్చుకున్న చోటుకీ వాడే చోటుకీ పోలిక ఎంత ఎక్కువుంటే నేర్చినది అంత బాగా బదిలీ అవుతుందని మనస్తత్వవేత్తలు థార్న్‌డైక్, వుడ్‌వర్త్ 1901లోనే చెప్పారు. కాబట్టి జవాబులో వెస్టిబ్యూల్ తర్వాత కొన్నాళ్లు పర్యవేక్షణలో అసలు కౌంటర్ అని రాస్తే, రెండు గుంపులనూ అవసరాన్ని బట్టి కలిపారని దిద్దేవారికి తెలుస్తుంది. ఇలా కలిసి ఉండేదే అప్రెంటిస్‌షిప్ కూడా. చాలా పుస్తకాలు దాన్ని ఆన్ ద జాబ్‌లో పెడతాయి, అయినా తరగతి పాఠాలు అందులో భాగమే.

చివరగా, ఏ శిక్షణా సరిపోని కథ కూడా వస్తుంది. క్యాషియర్‌కు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టడం వచ్చు, మేనేజర్ పక్కన ఉంటే చేస్తాడు, లేకపోతే చేయడు. ప్రోత్సాహకం మాత్రం గంటకు ఎన్ని లావాదేవీలు చేశాడన్నదాని మీదే ఇస్తున్నారు. ఇది రాకపోవడం కాదు, చేయకపోవడం. ఇక్కడ "శిక్షణ అవసరం లేదు, ప్రోత్సాహక విధానం మార్చాలి" అన్న ఆప్షన్ ఉంటే అదే సరైనది. శిక్షణ పాఠంలో వచ్చిన ప్రశ్న కదా అని భయపడి వదిలేయకండి.

రాతపూర్వక జవాబైతే పద్ధతి నిర్వచనంతో మొదలుపెట్టవద్దు. "40 మందికి ఒకే నైపుణ్యం కావాలి, తప్పు జరిగితే ఖాతాదారుకు నష్టం, సమయం రెండు వారాలు, కాబట్టి వెస్టిబ్యూల్. కోచింగ్ కాదు, ఒక్కొక్కరికి విడిగా అంత సమయం లేదు" అని మొదటి నాలుగు పంక్తుల్లోనే తేల్చేయండి. నిర్వచనం ఆ తర్వాత వస్తుంది. పాత ప్రశ్నపత్రాలు చేసేటప్పుడు ప్రతి కథలో ఒక్క వివరం మార్చి, జవాబు మారుతుందో లేదో చూసుకోండి. మారకపోతే మీరు మార్చినది అసలు సంగతి కాదన్నమాట. ఇంకోటి మార్చి చూడండి.