నాలుగు మార్కుల జవాబుకు ఏడు ఎలా పడుతున్నాయి?

"మా అమ్మాయి సీబీఎస్ఈ పన్నెండో తరగతి, హ్యుమానిటీస్. హిస్టరీ పాత పేపర్లు రాసి, మార్కింగ్ స్కీమ్ చూసి ఎనిమిది మార్కుల ప్రశ్నకు తనే ఏడు వేసుకుంటుంది. స్కూల్లో మేడం నాలుగే వేస్తున్నారు. జవాబు ఫొటో పంపుతున్నాను. తప్పు ఎక్కడుంది సార్?" – ఒక తల్లి, మారతహళ్ళి, బెంగళూరు

ఫొటో చూశానమ్మా. ఉప్పు యాత్ర ఎందుకు చెప్పుకోదగ్గదో వివరించమన్నది ప్రశ్న. పాప ముప్పావు పేజీ నడకే రాసింది. 1930 మార్చి 12న సబర్మతిలో బయల్దేరడం, ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీయడం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "ఎందుకు" అన్నదానికి మాత్రం చివర్లో ఒక్క వాక్యం: "మహిళలు కూడా పాల్గొన్నారు."

ఎన్‌సీఈఆర్‌టీ పాఠంలో కారణాలు మూడు. గాంధీజీ ప్రపంచం దృష్టిలో పడ్డారు, మహిళలు పెద్ద సంఖ్యలో వచ్చారు, తమ పాలన ఎల్లకాలం సాగదని బ్రిటిష్‌వాళ్ళకు తెలిసొచ్చింది. స్కీమ్‌లో ఇవి కనబడగానే పాప "ఇది నాకు తెలుసు" అనుకుని, రాయనివాటికీ టిక్కు పెట్టేసింది. చాలామంది పిల్లలు చేసేదే ఇది.

ఇలా చేయించండి. జవాబు పద్దెనిమిది నిమిషాల్లో, పుస్తకం చూడకుండా రాయాలి. దిద్దడం మర్నాడు. స్కీమ్‌లోని ఒక్కో పాయింటుకు, తన జవాబులో అది ఉన్న వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీయాలి. గీయడానికి వాక్యం దొరక్కపోతే మార్కు లేదు. పెద్ద ప్రశ్నలను బోర్డు మొత్తంగా చూసి దిద్దుతుంది కాబట్టి పాయింటుకు ఇంత అని లెక్క ఉండదు. ఇంట్లో నేను చేయించే లెక్క ఇది: కారణం చెబితే ఒకటి, దానికి ఆధారం ఇస్తే ఇంకొకటి, మిగతా రెండు మొదలు, ముగింపు, అల్లిక చూసి. మహిళల సంగతే తీసుకోండి. ఉద్యమాన్ని మగవాళ్ళకే పరిమితం చేయొద్దని కమలాదేవి చట్టోపాధ్యాయ గాంధీజీని ఒప్పించారని, ఆమె కూడా అరెస్టయ్యారని రాస్తే రెండో మార్కు కూడా వస్తుంది. (ఆవిడ మన మంగళూరు మనిషే!)

పోయిన ప్రతి మార్కు పక్కన ఒక అక్షరం రాయించండి. తెలియక పోతే "తె", ప్రశ్న తప్పు చదివితే "ప్ర", ఆధారం ఇవ్వకపోతే "ఆ". నాలుగైదు పేపర్లయ్యాక ఏ అక్షరం ఎక్కువుందో లెక్కపెట్టమనండి. ఈ ఒక్క జవాబును బట్టి చూస్తే పాపది "ప్ర" అనిపిస్తోంది. అదే అయితే పాఠం మళ్ళీ బట్టీ పట్టడం వల్ల లాభం లేదు. రాసే ముందు ప్రశ్నలో "ఎందుకు", "వివరించండి", "పరిశీలించండి" లాంటి మాట కింద గీత గీసి, మార్జిన్‌లో మూడు కారణాలు మూడు ముక్కల్లో రాసుకుని మొదలుపెట్టాలి.

ఒక చిక్కుంది. స్కీమ్‌లో ఉన్నవి సూచనలే, పూర్తి జవాబు కాదని బోర్డే చెబుతుంది. సరైన పాయింటు అందులో లేకపోతే పాప దాన్ని కొట్టేయకూడదు. పుస్తకంలో ఉంటే మార్కు వేసుకోవచ్చు. అనుమానముంటే ఆ జవాబును, తను వేసుకున్న మార్కు చెప్పకుండా, మేడంతో దిద్దించండి. ఇద్దరి మార్కులూ ఒకటి తేడాలోకి వచ్చేదాకా నెలకు రెండుసార్లు ఇలా చేస్తే చాలు.