కమ్మ ముందు, పెట్టె తర్వాత: అన్‌బాక్సింగ్ షార్ట్‌కి నేను వాడే స్క్రిప్ట్

ప్రశ్న: చేత్తో చేసిన నగలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఒక అన్‌బాక్సింగ్ షార్ట్ చేద్దామనుకుంటున్నాను. కాన్సెప్ట్ ఎలా ఉండాలి, స్క్రిప్ట్ ఎలా రాసుకోవాలి? నా దగ్గర ఫోన్ తప్ప వేరే కెమెరా లేదు.

జవాబు:

నేను రాగి తీగ, గాజు పూసలతో కమ్మలు చేసి అమ్ముతానండీ. నా మొదటి అన్‌బాక్సింగ్ వీడియో 50 సెకన్లు వచ్చింది. అందులో 20 సెకన్లు పెట్టె మూత, రిబ్బను, కాగితం విప్పడానికే సరిపోయాయి. తర్వాత అనలిటిక్స్‌లో గ్రాఫ్ చూస్తే నాలుగైదు సెకన్ల దగ్గరే గీత నిట్టనిలువుగా కిందికి పడింది. కమ్మ కనపడే సమయానికి చూసేవాళ్ళు దాదాపు ఎవరూ మిగల్లేదు. మన పెట్టెలో ఏముందో తెలుసుకోవాలన్న ఆత్రం కొన్నవాళ్ళకి ఉంటుంది. మనమెవరో తెలియనివాళ్ళకి ఎందుకు ఉంటుంది? అందుకే ఇప్పుడు నగని మొదటి రెండు సెకన్లలోనే చూపించేస్తాను, పెట్టె ఆ తర్వాత వస్తుంది.

ఇక కాన్సెప్ట్. ఆన్‌లైన్‌లో నగ కొనేవాళ్ళని ఆపేది కొన్ని చిన్న చిన్న అనుమానాలే. ఎంత సైజు ఉంటుంది? హుక్ గుచ్చుకుంటుందా? వెనకవైపు పని ఎలా ఉంది? దారిలో విరిగిపోకుండా వస్తుందా? పెట్టె విప్పుతూ ఆ అనుమానాలు ఒక్కొక్కటే తీర్చుకుంటూ పోతే అదే మీ కథ అయిపోతుంది. మీకు వచ్చిన మెసేజ్‌లు ఒకసారి తిరగేయండి. ఎక్కువమంది అడిగిన మూడు ప్రశ్నలు ఏరుకుంటే స్క్రిప్ట్ సగం రాసినట్టే. నాలుగోది పెట్టకండి, 30 సెకన్లలో పట్టదు.

నీలం పూసల కమ్మల కోసం నేను రాసుకున్న 28 సెకన్ల స్క్రిప్ట్ ఇది. మాటలు తక్కువగా ఉన్నాయనిపిస్తుంది కానీ గట్టిగా చదివి చూడండి. తొందరపడకుండా మాట్లాడితే సెకనుకి రెండు మాటలు దాటవు.

0–2 సెకన్లు: రెండు వేళ్ళ మధ్య కమ్మ వేలాడుతూ కొద్దిగా ఊగుతుంది. పూసలోంచి వెలుతురు వస్తుంది.
"తీగంతా చేత్తో చుట్టిందే."

2–5: మూసిన పెట్టె. కత్తెర టేపుని కోస్తుంది.
"మీ చేతికి ఇలా వస్తుంది."

5–10: మూత తీయడం, కాగితం మడతలు విప్పడం. మాటలు లేవు, కాగితం గలగల ఒక్కటే వినిపిస్తుంది.

10–16: కార్డు మీద నుంచి కమ్మ తీసి వెనక్కి తిప్పి చూపించడం.
"వెనక కూడా తీగ మొన లోపలికే మడిచాను, జుట్టుకి పట్టుకోదు. హుక్ స్టీలుది."

16–22: అరచేతిలో కమ్మ, ఆ వెంటనే చెవికి పెట్టుకుని మెల్లగా తల తిప్పడం.
"పొడవు నాలుగు సెంటీమీటర్లు. చెవికి ఇక్కడిదాకా వస్తుంది."

22–26: మెత్తటి గుడ్డతో తీగని తుడవడం.
"రాగి కదా, వాడేకొద్దీ రంగు ముదురుతుంది. ఇలా తుడుస్తూ ఉండండి."

26–28: మళ్ళీ రెండు వేళ్ళ మధ్య వేలాడుతున్న కమ్మ, మొదటి షాట్ ఎక్కడ మొదలైందో సరిగ్గా అక్కడికి వచ్చి ఆగుతుంది.

చివరి షాట్ మొదటిదానితో కలిసిపోతే వీడియో తిరిగి మొదలైన సంగతి వెంటనే తెలియదు, చాలామంది ఇంకోసారి చూసేస్తారు. అందుకే ఆ రెండు షాట్లూ ఒకేసారి, ఫోన్ కదపకుండా తీసిపెట్టుకుంటాను. "నచ్చితే ఆర్డర్ చేయండి" అని నోటితో చెప్పను. ఆ మాట వినగానే వేలు పైకి జరుపుతారని నా నమ్మకం. లింకు సంగతి వీడియో కింద రాస్తే చాలు. రాగి రంగు మారుతుందన్న మాట మాత్రం మానకండి. దాని వల్ల ఒకటీ అరా ఆర్డర్ తగ్గినా, "రంగు పోయింది" అనే ఫిర్యాదులు తగ్గుతాయి.

షూటింగ్‌లో నన్ను బాగా ఏడిపించింది రంగు. ఒకసారి పెట్టె లోపల ముదురు ఎరుపు టిష్యూ కాగితం వేశాను, చూడ్డానికి చాలా బాగుందనిపించింది. ఆ వీడియో చూసి కొన్న ఒకావిడ కమ్మలు తిప్పి పంపేశారు. "వీడియోలో నెమలికంఠం రంగు ఉంది, వచ్చింది మామూలు నీలం" అన్నారు. వీడియో మళ్ళీ చూస్తే ఆవిడ చెప్పిందే నిజం. ఫ్రేమంతా ఎరుపు నిండేసరికి ఫోన్ దాన్ని సరిచేద్దామని మొత్తం బొమ్మని ఆకుపచ్చ, నీలాల వైపు జరిపింది. దాంతో నా నీలం పూస నెమలికంఠం అయింది. పెట్టె మూత తీసే క్షణంలో రంగు ఒక్కసారి మారినట్టు కనిపిస్తే కారణం ఇదే అయ్యుండొచ్చు. అప్పటినుంచి తెల్ల కాగితమే వాడుతున్నాను. పోస్ట్ చేసేముందు అసలు కమ్మని స్క్రీన్ పక్కన పెట్టి పోల్చి చూస్తాను.

వెలుతురు కిటికీ పక్కనుంచి రానివ్వండి, గదిలో లైట్లన్నీ ఆపేయండి. కిటికీ వెలుతురూ బల్బు వెలుతురూ కలిస్తే నగకి ఒకవైపు పసుపు, ఇంకోవైపు నీలం పడుతుంది. కొన్ని ఎల్ఈడీ బల్బుల కింద వీడియోలో అడ్డచారలు కూడా కదులుతాయి. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి బటర్ పేపర్ అంటించండి. బాగా మెరిసే లోహమైతే అందులో మీరూ ఫోనూ నల్లగా కనపడతారు. అప్పుడు కమ్మకి ఎదురుగా, ఫ్రేముకి బయట ఒక తెల్ల అట్ట నిలబెడితే ఆ నలుపు చోట తెలుపు వస్తుంది.

ఫోన్‌ని నగకి మరీ దగ్గరగా తీసుకెళ్తే ఫోకస్ పోతుంది. ఒక జానెడు వెనక్కి జరిగి 2x లో తీయండి. ఫోకస్ ఎక్కడ కావాలో అక్కడ వేలు నొక్కి పట్టుకుంటే అది అక్కడే ఆగుతుంది, కొన్ని ఫోన్లలో AE/AF LOCK అని కనిపిస్తుంది కూడా. లేకపోతే చెయ్యి ఫ్రేములోకి వచ్చిన ప్రతిసారీ నగ మసకబారుతుంది.

ఒకసారి విప్పిన టిష్యూని మళ్ళీ మడిస్తే ముడతలు కనపడతాయి, కోసిన టేపు తిరిగి అతకదు. కాబట్టి మూడు పెట్టెలు ముందే ప్యాక్ చేసి ఉంచుకోండి. మూడూ మీరు నిజంగా పంపే ప్యాకింగే అయ్యుండాలి. వీడియో కోసం రిబ్బను కట్టి, ఆర్డర్‌కి మామూలు కవర్ పంపితే ఆ కోపం రివ్యూలో కనపడుతుంది. కాగితం చప్పుడు మాత్రం నేను విడిగా రికార్డు చేస్తాను. ఫ్యాన్ ఆపి, ఫోన్ పక్కనే పెట్టి, ఇంకో టిష్యూ మెల్లగా విప్పుతాను. ఆ ఐదు సెకన్లలో పాట పెట్టను, పెడితే చప్పుడు మునిగిపోతుంది.

సౌండ్ లేకుండా చూసేవాళ్ళ కోసం మాటలని తెర మీద కూడా రాయండి. కాకపోతే అడుగున రాయొద్దు, అక్కడ అకౌంట్ పేరు, బటన్లు వచ్చి అక్షరాలు కప్పేస్తాయి. మధ్యకి కాస్త పైన పెడితే సరిపోతుంది. అడ్రస్ రాసిన నిజం పార్సిల్‌తో తీస్తుంటే ఆ లేబుల్‌ని షూటింగ్‌కి ముందే కప్పేయండి. తర్వాత ఎడిటింగ్‌లో చూసుకుందాంలే అనుకుంటే ఏదో ఒక ఫ్రేములో మిగిలిపోతుంది.