మా వారి మనసు చెప్పకుండా చదవవచ్చా?

ప్రశ్న: మాది బొబ్బిలి. పెళ్లయి రాయగడ వచ్చి ఆరేళ్లయింది. మా వారూ అత్తగారూ నాతో తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు మాట వచ్చేసరికి ఒడియాలోకి మారిపోతారు. నాకు ఆ భాష అంతంత మాత్రం. గత ఏడాది ఫోనులో ఒక గురువు దగ్గర టెలీపతీ నేర్చుకున్నాను. రాత్రి మా వారు నిద్రపోయాక ఆయన ముఖం తలచుకుని కూర్చుంటే ఆలోచనలు వచ్చి తగులుతాయి. జూన్‌లో ‘చెల్లెలికి డబ్బు పంపాలనుకుంటున్నారు’ అని తెలిసింది. వారం తిరక్కుండానే పార్వతీపురంలో ఉన్న ఆడపడుచుకు పంపారు. మరోసారి ‘నా మీద విసుగ్గా ఉన్నారు’ అని తెలిసింది. రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు నేను లెక్కలు రాసే బట్టల దుకాణం యజమాని మనసూ చూడాలనిపిస్తోంది. వాళ్లకు చెప్పకుండా ఇలా చూడడం తప్పా?
– ఒక సోదరి, రాయగడ

జవాబు: జూన్‌లో పంపిన డబ్బు కన్నా ఆ రెండు రోజుల మౌనమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మీవారి మీద మీరు ఒక అభియోగం మోపారు, విచారించారు, శిక్ష కూడా వేశారు. ఆయనకు మాత్రం ఏ నేరానికో తెలియదు. ‘లేదు, నాకు విసుగు లేదు’ అనే అవకాశమూ లేదు, ‘ఉంది, కానీ నీ మీద కాదు’ అనే అవకాశమూ లేదు. టెలీపతీ నిజమా కాదా అన్నది పక్కన పెట్టినా ఇది అన్యాయమే.

‘నీ మీద కాదు’ అన్న మాట ఊరికే అనలేదు. పరుల చిత్తాన్ని తెలుసుకునే శక్తి ఉందని ఒప్పుకున్న పతంజలి యోగసూత్రాలే, విభూతి పాదంలో, వెంటనే దానికో హద్దు గీశాయి. ఎదుటివారి మనసు ఏ స్థితిలో ఉందో తెలుస్తుందే తప్ప, అది దేన్ని పట్టుకుని ఉందో తెలియదని అందులో ఉంది. వ్యాసభాష్యం దీన్ని విడమరచి చెప్పింది: ఆ మనసులో అనురాగం ఉందని యోగికి తెలుస్తుంది, ఎవరి మీదో తెలియదు. అంటే యోగశాస్త్రం లెక్కలోనే మీకు ‘విసుగు’ వరకే దొరకాలి. ‘నా మీద’ అన్నది మీరు చేర్చుకున్నది. మీవారి విసుగు ఎండ మీదో, పని మీదో, పంటి నొప్పి మీదో కావచ్చు.

ఇక జూన్ సంగతి. వేసవి సెలవుల తరువాత బడులు తెరిచే నెల అది. పిల్లలున్న ఆడపడుచుకు అన్నగారు చేయి సాయం చేస్తే ఆశ్చర్యం లేదు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నారు. మాట్లాడడం రాకపోవచ్చు గానీ ‘టంకా’ అంటే రూపాయి అని, ‘భఉణీ’ అంటే చెల్లెలని మీ చెవికి తెలుసు. పార్వతీపురం ఏ భాషలో అన్నా పార్వతీపురమే. పగలు వంటింట్లో విన్న ఆ ముక్కలు రాత్రి కళ్లు మూసుకున్నప్పుడు ఒకటిగా కూడి, బయటి నుంచి వచ్చిన ఆలోచనలా తోచి ఉంటాయని నా అనుమానం. మీరు అబద్ధమాడుతున్నారని కాదు. ఎక్కడ విన్నామో మరిచి, విన్నది మాత్రం గుర్తుండడం మనసుకు మామూలే.

పరీక్షించి చూడాలంటే దారి ఉంది. పేకముక్కలు తీసుకోండి. మీవారు మరో గదిలో కూర్చుని, కట్ట కలిపి, ఒక ముక్క తీసి, అది ఇస్పేటో ఆటీనో డైమనో కళావరో మనసులో అనుకోవాలి. మీరు మీ గదిలో రాసుకోవాలి. ముక్క తిరిగి కట్టలో పెట్టి, కలిపి, మళ్లీ తీయాలి. ఇలా 40 సార్లు. ఊరికే గుడ్డిగా రాసినా సుమారు 10 సరిపోతాయి. 13, 14 వచ్చినా సంబరపడేది లేదు. 16కు పైగా వస్తే మరో రోజు మళ్లీ చేయండి. గది వేరుగా ఉండడం తప్పనిసరి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో హాన్స్ అనే గుర్రం గిట్టతో నేలను తట్టి లెక్కలకు జవాబులు చెప్పేది. 1907లో ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు, అడిగేవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదని తేల్చాడు. సరైన అంకె రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే కదిలేది, గుర్రం అక్కడ ఆపేది. ఆరేళ్ల కాపురంలో మీవారి ముఖం మీరు అంతకన్నా బాగా చదవగలరు.

నాలుగు బొమ్మల్లో ఒకదాన్ని మనసుతో పంపి కనుక్కోమనే ప్రయోగాలు 1970ల నుంచి జరుగుతున్నాయి. టెలీపతీని సమర్థించేవారు 1994లో ప్రచురించిన లెక్కలో సరైన జవాబులు నూటికి 32. ఊహకైతే 25 రావాలి. 1999లో తరువాతి 30 ప్రయోగాలను కలిపి చూస్తే ఆ తేడా కూడా నిలబడలేదు. సరే, వారి లెక్కే ఒప్పుకుందాం. మూడింట రెండు తప్పు. అదీ నాలుగే బొమ్మలున్నప్పుడు. భర్త మనసులో నాలుగే ఉంటాయా?

ఇప్పుడు మీరు అడిగిన ధర్మం మాట. ముఖం చూసి ‘ఏమైంది, అలా ఉన్నారు?’ అనడం చదవడమే, అందులో తప్పు లేదు. తన ముఖం కనబడుతోందని ఆయనకు తెలుసు. మీరు అడిగారు కాబట్టి జవాబు చెప్పే వీలూ ఉంది. నా దృష్టిలో గీత అక్కడే ఉంది: మీకు తెలిసిందని ఎదుటివారికి తెలియాలి. ఒడియా నేర్చుకోండి, తప్పకుండా నేర్చుకోండి. కానీ నేర్చుకున్నాక రానట్టు కూర్చుని డబ్బు మాటలు వింటే, అదీ రాత్రిపూట మనసు చదవడం లాంటిదే. ‘అత్తయ్యా, నాకిప్పుడు అర్థమవుతోంది’ అని ఒక్కమాట అంటే చాలు. ఆ తరువాత వాళ్లు ఏది ఎదురుగా మాట్లాడుకోవాలో వాళ్లే చూసుకుంటారు.

ఇది సున్నితమైనవాళ్ల పట్టింపు మాత్రమే కాదు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, నిందితుడికైనా అతని ఒప్పుదల లేకుండా నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయరాదని చెప్పింది. చెప్పాలో మానాలో ఎంచుకునే హక్కు మనిషిదేనంది. హత్యానేరం మోపినవాడికి ఉన్న ఆ వెసులుబాటు, చెల్లెలికి డబ్బు పంపిన భర్తకు ఉండవద్దా?

మినహాయింపులు లేకపోలేదు. పక్షవాతంతో మాట పడిపోయినవారి మనసు మనమే ఊహించాలి, ఎందుకంటే వాళ్లు అడగలేరు. కొట్టే భర్త ఉన్న ఇల్లాలు అతని కోపాన్ని ముందే పసిగట్టాలి, అది ప్రాణరక్షణ. మీ ఉత్తరంలో అలాంటి జాడ లేదు. ఉంటే విడిగా రాయండి, అప్పుడు నా సలహా మారుతుంది.

యజమాని విషయం తేలిక. జీతం పెంచుతాడా అన్నదే మీ ఆరాటమైతే, దసరా బేరాల ముందే ఏడాది లెక్కల పుస్తకం పట్టుకుని నేరుగా అడగండి. ఆయన ఏమనుకుంటున్నాడో తెలిసినా ఆ మాట ఎలాగూ మీరే అడగాలి.

మీవారికి మాత్రం రాత్రి సాధన సంగతి చెప్పండి, ఆ రెండు రోజుల మౌనానికి కారణమూ చెప్పండి. అత్తగారు లేని వేళ చూసుకోండి. ‘డబ్బు విషయం నాకు వేరే భాషలో చెప్పినట్టుగా ఉంటోంది, నన్నూ కూర్చోబెట్టండి’ అన్న అసలు బాధ అప్పుడే బయటపడాలి. ఆయన నవ్వవచ్చు, కోపగించుకోవచ్చు. నవ్వితే ఆ పూటే పేకముక్కలు తీయండి. గురువుగారు పై తరగతికి రుసుము అడిగితే, ఆ 40 ముక్కల లెక్క తేలేదాకా ఒక్క రూపాయి కట్టవద్దు.